నేనే మూయాల్సిన డిఫెక్టు

శంషాబాద్‌లో, విమానాశ్రయానికి సరుకు పంపే ఒక గోదాములో నన్ను కూర్చోబెట్టిన రోజు మా టీమ్ లీడ్ అన్న మాట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. "నీ పేరు మీదున్న డిఫెక్టులన్నీ క్లోజ్ కానీయమ్మా, మర్నాడే నిన్ను ఇక్కణ్ణుంచి రిలీజ్ చేస్తాను" అన్నాడు.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఆ గోదాము గేటుకి మా కంపెనీ ఒక యాప్ చేసింది. మా ఇల్లు ఊరికి అవతలి చివర, కూకట్‌పల్లిలో. పాప లేవకముందే బయల్దేరేదాన్ని. జడ వేసి బడికి దింపేది మా అత్తగారే. నేను తిరిగొచ్చేసరికి అది అన్నం తింటూ తూగుతుండేది. రెండో తరగతి పిల్లని ఒక్క రోజైనా నా చేత్తో బడికి దింపాలన్నదే నా ఆశ. అంతకు మించి నేనేమీ కోరలేదు.

యాప్‌లో దొరికిన తప్పునే మేం డిఫెక్టు అంటాం, దానికి మా పనిలో ఒక కట్టుబాటుంది. యాప్ రాసిన డెవలపర్ తప్పు సరిచేసి "ఫిక్స్‌డ్" అని మాత్రమే పెట్టగలడు. మళ్ళీ పరీక్షించి "క్లోజ్డ్" అనాల్సింది టెస్టరే. అంటే నన్ను ఎవరూ కట్టేయలేదు, తాళంచెవి నా దగ్గరే ఉంది. అదే నాకు మరీ కోపం తెప్పించేది.

అన్నీ తీరి ఒక్కటే మిగిలింది. లారీ లోపలికొచ్చినా, బయటికెళ్ళినా గార్డు ఫోన్‌తో స్కాన్ చేస్తాడు. గేటు దగ్గర సిగ్నల్ ఉండదు. ఫోన్లో ఆకుపచ్చ టిక్కు పడేది కానీ, లారీ వెళ్ళిన సంగతి సర్వర్‌కి చేరేది కాదు. నేను రాసి పెట్టాను. స్థితి: న్యూ. లీడ్ చూసి, నిజమేనని ఒప్పుకుని డెవలపర్‌కి అప్పగించాడు. "నా దగ్గర బాగానే పనిచేస్తోందండీ" అని ఆయన తిప్పికొట్టాడు. చేయి పట్టుకుని లాక్కొచ్చినంత పని చేసి గేటు దగ్గర చూపించాను. అప్పుడు ఓపెన్ అయింది. సిగ్నల్ రాగానే యాప్ మళ్ళీ పంపేలా మార్చాడు. పరీక్షించాను, బాగుంది, క్లోజ్ చేశాను. వచ్చే వారం నుంచి నేనే దింపుతానని పాపకి చెప్పేశాను.

నన్ను రిలీజ్ చేసేలోపే, మర్నాడు పొద్దున గులాబీల లారీ నడిపే ఒకతను గేటు బయట నన్ను పట్టుకున్నాడు.

"అక్కా, గిదేంది? నేను ఈడ నిలవడ్డ. నా బండి లోపలనే ఉన్నదంటున్నది మీ ఫోను. జర నువ్వన్న చెప్పు, పూలు కరాబైతున్నయ్!"

ముందు రోజు అతని లారీని పంపాక, సిగ్నల్ రాకముందే గార్డు ఫోన్ చార్జింగ్ అయిపోయి ఆగిపోయింది. పంపాల్సిన సంగతి దాంతోపాటే పోయింది. సూపర్‌వైజర్‌ని పిలిచి లారీని లోపలికి పంపించి, పాత డిఫెక్టునే నా చేత్తో రీఓపెన్ చేశాను.

ఈలోగా యాప్ అప్పగించే గడువు వచ్చింది. మీటింగ్‌లో పెద్దలు తేల్చేశారు: ఇది ఎప్పుడో గాని జరగదు, జరిగితే సూపర్‌వైజర్ తన లాగిన్‌తో లారీని వదలొచ్చు, కాబట్టి తర్వాతి వెర్షన్‌లో చూద్దాం. స్థితి: డిఫర్డ్.

"వాయిదా వేశారుగా సార్, నన్ను వదిలేయండి" అన్నాను.

"డిఫర్డ్ అంటే క్లోజ్డ్ కాదు కదమ్మా, నీకు తెలీనిదా?" అన్నాడు లీడ్ నవ్వుతూ. ఆ నవ్వు మీద టీ పోయాలనిపించింది.

తర్వాతి వెర్షన్ పని మొదలయ్యాక దాన్ని మళ్ళీ బయటికి తీశారు. ఈసారి ఫోన్ ఆగినా సంగతి అందులోనే భద్రంగా ఉండేలా చేశారు. ఆపి, వెలిగించి చూశాను, నిలిచింది. ఇక చాలనుకోవచ్చు. కానీ నా బుద్ధి ఊరుకోదు కదా! సిగ్నల్ లేనప్పుడే లారీ రావడం, పోవడం రెండూ జరిగితే? చేసి చూశాను. సిగ్నల్ రాగానే వెళ్ళిన సంగతి ముందు చేరింది, వచ్చిన సంగతి తర్వాత చేరింది. లారీ మళ్ళీ లోపలే ఉండిపోయింది.

లీడ్‌కి ఫోన్ చేశాను. "ఇంత చిన్నదానికి ఎందుకమ్మా? క్లోజ్ చేసి ఇంటికి వెళ్ళిపో. నీ పాప కోసమే చెప్తున్నా."

నా పాపని అడ్డం పెట్టుకుని మాట్లాడినందుకు ఠక్కున ఫోన్ పెట్టేశాను. అబద్ధం ఎందుకు, నా వేలు క్లోజ్డ్ మీదకి వెళ్ళింది కూడా. నొక్కలేకపోయాను. రీఓపెన్ చేసి, ఇంటికెళ్ళే బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

స్కాన్ చేసిన సమయం ప్రకారమే సంగతులు లెక్కలోకి వచ్చేలా మార్చాక, తోచిన అన్ని రకాలుగా పరీక్షించి చివరికి క్లోజ్ చేశాను. ఆ సాయంత్రం లీడ్ స్వయంగా మిఠాయి పెట్టె తెచ్చాడు.

"క్లయింట్ చాలా సంతోషంగా ఉన్నారు. ఇంకా అవతల, మంఖాల్‌లో కొత్త గోదాము తెరుస్తున్నారట. అక్కడికి నువ్వే కావాలని పట్టుబట్టారు. కాదనలేకపోయాను. రేపే వెళ్ళాలి."

ఇంటికెళ్ళేసరికి పాప మేలుకునే ఉంది. బడి నుంచి రాగానే ఫోన్లో చెప్పేశాను కదా, క్లోజ్ అయిందని. "రేపు నువ్వే కదా దింపేది?" అంది.

"నాకు ఇంకో గేటు ఇచ్చారమ్మా" అన్నాను.

అది ఏడవలేదు, అలగలేదు. లోపలికెళ్ళి, "నాన్నమ్మా, రేపు కూడా జడ నువ్వే వెయ్యి" అంది.