మూడు కవర్లు, రెండు తారుమార్లు

టీచరు ట్రైనింగు పూర్తయిన వేసవిలో నెల్లూరులోని ఒక మిషన్ ఆడపిల్లల హైస్కూలు నుంచి నాకు ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. వాకాడు నుంచి బస్సెక్కి వెళ్లి, పిన్ని ఇంట్లో దిగాను. పిన్ని ఒక మిషన్ ఆసుపత్రి ఆఫీసులో టైపిస్టు.

ఇంటర్వ్యూలో బల్లకు అవతల ముగ్గురు కూర్చున్నారు. నడుమ హెడ్మిస్ట్రెస్ దొరసాని. మనకంటే శుద్ధంగా తెలుగు మాట్లాడేది. కుడివైపు లెక్కల మాస్టారు. ఎడమవైపు హాస్టల్ వార్డెనమ్మ, తెల్లచీర కట్టుకున్న పెద్దావిడ.

"కొత్తగా హాస్టల్లో చేరిన పిల్లలు మొదటి నెలలోనే ఇంటికి పారిపోతుంటారు. నువ్వేం చేస్తావు?" అని దొరసాని అడిగింది. "చిన్నప్పుడు నేనూ పారిపోయినానండీ. బస్టాండు దాకా పోయి, ఆకలేసి వెనక్కొచ్చినా" అన్నాను. ఆమె పగలబడి నవ్వింది.

మాస్టారు నవ్వలేదు. "భిన్నాన్ని భిన్నంతో భాగించేటప్పుడు రెండోదాన్ని ఎందుకు తిరగెయ్యాలి?" అన్నారు.

"సూత్రం అట్టా ఉందండీ" అన్నాను. ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నారు.

వార్డెనమ్మ ఏమీ అడగనే లేదు.

ఆ సాయంత్రం పిన్ని అంది: "పిలిచి కూర్చోబెట్టి మాట్లాడినందుకు ఆ ముగ్గురికీ కృతజ్ఞతగా ఉత్తరాలు రాయి. రేపే పోవాల. ఉద్యోగం ఇమ్మని మాత్రం అడగబాక."

గంటలో మూడూ రాసి చూపించాను. 'మీ అమూల్యమైన సమయాన్ని నాకు కేటాయించినందుకు కృతజ్ఞురాలిని' అనే వాక్యం మూడింట్లోనూ ఉంది. పేర్లు తప్ప ఏదీ మారలేదు.

"ఏందే ఇది? కల్యాణపత్రికలు పంచినట్టు! ముగ్గురూ ఒకే బడిలో ఉండేవాళ్లు గదా, ఒకరిది ఒకరు చూసుకోరా? మా డాక్టరమ్మకు ఇట్టాంటివి వస్తే రెండోది చదవనే చదవదు."

"మరి ఏం రాసేది పిన్నీ?"

"ఒక్కొక్కరూ నీతో ఏం మాట్లాడినారో అది రాయి."

దొరసానికి తేలిగ్గానే రాశాను. పారిపోయే పిల్లల గురించి ఆమె అడిగిన తీరులోనే ఆ బడి ఎలాంటిదో తెలిసిందన్నాను. మాస్టారి దగ్గర ఆగిపోయాను. పిన్ని వంటింట్లో బియ్యం కొలుస్తుంటే చూస్తూ కూర్చున్నాను. చప్పున తట్టింది. 'అయ్యా, మీ ప్రశ్న నన్ను వదలలేదు. శేరులో పావుశేర్లు నాలుగు. అరశేరులో ఆ నాలుగింట సగం, అంటే రెండు. కాబట్టి పావుతో భాగించడమంటే నాలుగుతో గుణించడమే. ఇంత ఆలోచింపజేసినందుకు కృతజ్ఞతలు' అని రాశాను.

"వార్డెనమ్మ నోరే తెరవలేదు గదా, ఆమెకేం రాయను?"

"ఏమీ చెయ్యలేదా?"

అప్పుడు గుర్తొచ్చింది. ఫ్యాను గాలికి నా సర్టిఫికెట్లు ఎగిరిపోతే, ఎవరూ చూడకముందే ఆమె వంగి ఏరి, వరసగా సర్ది నా చేతికిచ్చింది. మంచినీళ్ల గ్లాసు నా ముందుకు జరిపింది. అదే రాశాను.

మర్నాడు పొద్దున్నే పిన్ని ఆఫీసుకు పోయి, చిరునామాలు టైపు చేసిన కవర్లు తెచ్చింది. పోస్టు డబ్బా తీసే వేళవుతోందని గబగబా మడిచి, పెట్టి, అతికించి, పరుగున వేసొచ్చాను.

మూడోరోజున వార్డెనమ్మ దగ్గర నుంచి కార్డు వచ్చింది. 'అమ్మాయీ, నీ ఉత్తరం అందింది. నేను అయ్యను కాను. అయినా ఇరవై ఏళ్లుగా హాస్టల్లో బియ్యం కొలుస్తున్నదాన్ని, ఈ భాగహారం నాకు ఇప్పుడు అర్థమైంది. మాస్టారికి కూడా చూపించాను. తన సర్టిఫికెట్లు ఎప్పుడు ఎగిరిపోయాయా అని ఆయన ఆలోచిస్తున్నారు.'

నాకు తల కొట్టేసినట్టయింది. పిన్ని నవ్వి నవ్వి మంచం మీద కూలబడింది. "ఇంక ఆ ఉద్యోగం వచ్చినట్టే" అన్నాను ఏడుపుగొంతుతో.

వారానికి ఆర్డరు వచ్చింది. చేరిన రోజున దొరసాని అసలు సంగతి చెప్పింది: "ఆ రోజే నిన్ను తీసుకున్నాం. కానీ లెక్కల క్లాసులు నీకివ్వవద్దని మాస్టారు పట్టుబట్టారు. నీ ఉత్తరం చూశాక ఆయనే వచ్చి ఇవ్వమన్నారు."

స్టాఫు రూములో మాస్టారు జేబులోంచి మడత కాగితం తీసి, పక్కనున్న వార్డెనమ్మ చేతికిచ్చారు. "ఇది మీదమ్మా. మొత్తం చదివేసినా, ఏమీ అనుకోబాకండి."

ఆమె కళ్లద్దాలు సర్దుకుని, నిలబడే చదువుకుంది. కాగితాన్ని తన బైబిల్లో పెట్టుకుని, "టిఫిన్ తిన్నావా?" అని నన్ను అడిగింది. తినలేదన్నాను. చెయ్యి పట్టుకుని హాస్టల్ వంటింటికి తీసుకెళ్లింది.