చిన్నమ్మకు గేటు పాసు

మా చిన్నమ్మను వంటమనిషిగా రాయించింది నేనే. నా చేత్తో, నా ఫోన్లో. ఎవరి మీదో నెట్టేద్దామని చాలాసార్లు చూశాను గానీ, చుట్టూ తిరిగి తప్పు నా దగ్గరికే వస్తుంది.

ఆవిడ మాకు రక్తసంబంధం కాదు. మా నాన్న కోస్తా నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చిన కొత్తలో, చిట్కుల్ అనే ఊళ్ళో ఈవిడ ఇంట్లో రెండు గదులు కిరాయికి తీసుకున్నారు. జొన్నరొట్టె చెయ్యడం అమ్మకు ఆవిడే నేర్పింది. అమ్మ ఆవిడకు పులిహోర నేర్పింది. ఆవిడ అక్కా అంటే అమ్మ చెల్లీ అనేది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చిన్నమ్మే. పొలమూ పశువులూ ఉన్న ఇంటి మనిషి, ఒకరి గడపలో చెయ్యి చాచాల్సిన అవసరం ఎన్నడూ లేదు.

నేను మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తాను. తెల్లాపూర్లో గేట్లూ కెమెరాలూ ఉన్న పెద్ద అపార్టుమెంట్లలో అద్దెకుంటున్నాను. నాన్న పోయినప్పటి నుంచీ అమ్మ నా దగ్గరే. స్నానాలగదిలో జారి పడి తుంటి విరిగి, ఆపరేషన్ అయ్యాక మంచం దిగలేకపోయింది. ఇద్దరు ఆయాలు వచ్చారు, ఇద్దరూ పోయారు. అమ్మ అన్నం ముట్టడం మానేసింది. విషయం తెలిసి చిన్నమ్మ సంచితో దిగింది.

"అక్క తినకపోవుడేంది? నేను రోజొస్త. నువ్వు జల్దీ డ్యూటీకి పో బిడ్డా."

జీతం మాట ఎత్తబోతే కొట్టినంత పని చేసింది. ఆ రోజు అమ్మ రొట్టెను పాలల్లో నానబెట్టుకుని పూర్తిగా తిన్నది. అంతే, ఇక ఆమె వస్తేనే తిండి, లేకపోతే లేదు.

చిక్కంతా గేటు దగ్గర. అతిథి వస్తే కాపలావాళ్ళు యాప్‌లో నన్ను అడుగుతారు, నేను సరేనంటేనే లోపలికి పంపుతారు. మా ల్యాబులోకి ఫోన్ తీసుకుపోనివ్వరు, లాకర్లో పెట్టాలి. అందుకని పొద్దున్నే బస్సెక్కే ముందు ఆ రోజుకు అతిథి కోడ్ ఒకటి పెట్టి, చిన్నమ్మకు ఫోన్ చేసి చదివేదాన్ని. మరిచిపోయిన రోజు ఆమె ఎండలో నిలబడేది. ఒకసారి గంటన్నర నిలబడింది.

మూడు వారాలకు అపార్టుమెంట్ల ఆఫీసు నుంచి మేనేజరు పిలిచాడు.

"రోజూ ఒక్కామెనే గెస్టంటె ఎట్ల మేడం? రోజొచ్చేటోళ్లను స్టాఫ్ కింద రాయియ్యాలె. రూలది. మీరు కిరాయికున్నరు కాబట్టి ఓనర్ పర్మిషన్ గూడ కావాలె."

"ఆవిడ మా చుట్టం అండీ."

"ఇంట్ల ఉంటరా?"

"ఉండదు, సాయంత్రం వెళ్ళిపోతుంది."

"మరింగేంది? ఉంటె ఫ్యామిలీ, పోతె గెస్టు, రోజొచ్చి పోతె స్టాఫు. ఇగ నాలుగోది లేదు మేడం."

వాదించాల్సింది. ఆయన మీద నోరు చేసుకోవాల్సింది, మామూలుగా నా నోటికి ఊరంతా భయపడుతుంది. ఆ రోజు షిఫ్టుకు ఆలస్యమవుతోంది. బెంగళూరులో ఉండే ఇంటి ఓనరుకు మెయిల్ పెట్టాను, పది నిమిషాల్లో అభ్యంతరం లేదని జవాబు వచ్చింది. చిన్నమ్మను ఆధార్ కాగితం అడిగితే ఎందుకని కూడా అడగకుండా తెచ్చిచ్చింది. యాప్ తెరిచాను. వంటమనిషి, పనిమనిషి, డ్రైవరు, ఆయా, కారు కడిగేవారు. అంతే ఉన్నాయి. ఉన్నవాటిలో గౌరవంగా ఉంటుందని వంటమనిషి నొక్కాను. గౌరవమట! నా మొహం.

మెడలో వేసుకునే కార్డు ఇచ్చారు. ఆవిడ ఫొటో, కింద ఇంగ్లీషులో "కుక్" అని.

"ఏం రాసిండ్రు బిడ్డా గిండ్ల?"

"నీ పేరు, మా ఇంటి నంబరు చిన్నమ్మా."

ఆవిడ మురిసిపోయింది. "ఇగ నిన్ను పరేషాన్ చేసుడు లేదు" అని మెడలో వేసుకుంది. పనివాళ్ళు రెండో గేటు నుంచే రావాలి, సర్వీసు లిఫ్టులోనే ఎక్కాలి. ఆ దారి దగ్గరని చెప్పాను. నమ్మింది. నేను ఏం చెప్పినా నమ్మేది.

బతుకమ్మకు ముందు ఒక మధ్యాహ్నం అమ్మ తన బీరువా తెరిపించి, మెరూన్ రంగు పట్టుచీర తీసి ఆవిడ చేతిలో పెట్టిందట. "నేనెలాగూ కట్టను చెల్లీ. నువ్వు కట్టుకుని ఆడు." సాయంత్రం గేటు దగ్గర సంచి చూపించమన్నారు. పనివాళ్ళు లోపలి వస్తువు ఏది బయటికి తీసుకుపోయినా, ఇంటివాళ్ళు యాప్‌లో పాస్ ఇవ్వాలి. నా ఫోన్ లాకర్లో ఉంది.

"నేను పనిదాన్ని గాదు కొడుకా. అక్క పెట్టింది ఈ చీర."

"కార్డు మీద కుక్ అని ఉన్నది గదమ్మా. కుక్ అంటె వంటామె."

చిన్నమ్మ తన ఫోన్లో అమ్మను కలిపింది. మంచంలో నుంచి అమ్మ "నేనే ఇచ్చాను బాబూ, పంపించు, నీకు పుణ్యముంటుంది" అని బతిమాలిందట. అమ్మ నంబరు అపార్టుమెంట్ల సంఘం దగ్గర లేదు, అద్దె కాగితంలో ఉన్నది నాదొక్కటే. వచ్చేపోయే పనివాళ్ళందరి ముందూ ఆ చీర బల్ల మీద విప్పి ఉంది. చివరికి చిన్నమ్మ చీర అక్కడే వదిలేసి, కార్డు తీసి దాని మీద పెట్టి వెళ్ళిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఆదివారం చిట్కుల్ వెళ్ళాను. కాళ్ళ మీద పడదామనే వెళ్ళాను. ఆవిడ ముందు అన్నం పెట్టింది. తిట్టినా బాగుండేది.

"నువ్వు పని గావాలెనని చేసినవ్, తెల్వదా నాకు. గని నాకొక్క మాట చెప్పొద్దా బిడ్డా? రోజు మెడలేసుకొని తిరిగిన. బస్సుల గూడ తియ్యలే. మావోళ్లందరు చదివిండ్రు గద."

నేను ముద్ద పళ్ళెంలో పెట్టేశాను.

"రా చిన్నమ్మా. అమ్మ తినడం లేదు."

"ఆ గేట్ల అడుగు పెట్ట. అక్కనే ఈడికి తోలుకరా. నా ఇంటికి గేటు లేదు."

అమ్మకు చెప్తే మొహం వెలిగింది. అంబులెన్సు మాట్లాడి వచ్చే ఆదివారం తీసుకెళ్తానన్నాను. ఆ ఆదివారం నాకు డ్యూటీ పడింది. తర్వాతి ఆదివారం అన్నాను. అమ్మ రెండు చెంచాల జావ మీద బతుకుతూ, చెల్లి ఇంటికి ఏ చీర కట్టుకోవాలో అడుగుతూ ఉండేది. గురువారం పొద్దున లేపితే లేవలేదు.

చిన్నమ్మకు కబురు పెట్టాను గానీ, వస్తుందనుకోలేదు. ఆ రోజు నా ఫోన్ ఎక్కడుందో కూడా నాకు తెలీదు. ఒక దశలో తల తిప్పి చూస్తే అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని, పాదాలకు పసుపు రాస్తూ ఉంది. నేను ఆవిడ ఒళ్ళో పడి ఏడ్చాను. ఎలా లోపలికి వచ్చావని అడగాలని తట్టలేదు.

పదకొండు రోజులయ్యాక, కార్యక్రమాల సామాను దింపుతుంటే రెండో గేటు కాపలా అతను దగ్గరికొచ్చాడు. చీర ఆపింది అతనే.

"అమ్మ పోయిన దినం మీకు శానసార్లు ఫోన్ కొట్టిండ్రు మేడం, ఎత్తలే. ఆ చీరామెను గెస్టు గేటుల ఆపితె నడుసుకుంట నా కాడికొచ్చింది. ఎవరమ్మా అని నేను అడగనే లేదు. 'వంటామెను కొడుకా, రాసుకో, పోనియ్యి' అన్నది."