టీజర్‌లో మిగిలిపోయిన మెరుపులు

మా ఆఫీసులో పూర్తయిన వీడియోలను చివరిగా పరీక్షించేది మార్తమ్మ గారు. సాయంత్రం ఆరులోపు విదేశీ ఛానల్‌కు వెళ్లాల్సిన చిన్న ఎపిసోడ్‌లో, కెమెరా ఫ్లాష్‌లు సెకనుకు ఏడుసార్లు తెరంతా మెరిశాయి. మూడు దాటితే కొందరు ప్రేక్షకులకు మూర్ఛ రావచ్చు, ఛానల్ తీసుకోదు. ఎడిటర్ వెంకట్ కొన్ని మెరుపులు తీసేసి, మిగతావాటి తెలుపు తగ్గించాడు.

"అయిపోయింది మేడం. ఇగ పంపుండ్రి."

ఆమె మొత్తం ఫైలును మళ్లీ పరీక్షకు పెట్టారు. పదో సెకనులోనే హద్దు దాటిందని హెచ్చరిస్తూ ఎర్ర గీత లేచింది.

"మొదట్లో చూపించే టీజర్‌లోనూ ఇదే షాట్ ఉంది కదా నాయనా."

"యాది మరిచిన," అంటూ వెంకట్ కుర్చీలో కూలబడ్డాడు.

అదీ సరిచేశాక, ఆరుకు పది నిమిషాల ముందు ఫైలు వెళ్లింది.

"ఆ మెరుపులే మంచిగుండె మేడం."

"నాకూ నచ్చాయి," అన్నారామె కళ్లు నులుముకుంటూ.