ఫోన్లో సరే అన్నవాళ్ళు

ఆ రోజు నేను చేసిన తప్పు చూడటానికి చిన్నది. ఫోన్లో ఎవరు సరే అన్నారో, ఎవరు వద్దన్నారో పేరుపేరునా రాసుకోలేదు. దానివల్ల ఒక మనిషి తలదించుకోవాల్సి వచ్చింది. ఆ మనిషి నన్ను నమ్మినావిడ.

మాది కదిరి చుట్టుపక్కల వేరుశనగ రైతుల సంఘం. నేను దాని కార్యదర్శిని. బోర్డులో ఏడుగురు డైరెక్టర్లు. రెండు నెలలకోసారి కూర్చుంటారు. నడుమ ఆగలేని పని వస్తే ఫోన్లో సమావేశం పెట్టుకోవచ్చని మా నిబంధనల్లో ఉంది. కనీసం నలుగురు లైన్లో ఉండాలి. కార్యదర్శి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి పలికించుకోవాలి, ప్రతిపాదన చదవాలి, మళ్ళీ పేరుపేరునా ఓటు అడగాలి, ఆ రోజే మినిట్స్ రాసి ఏడుగురికీ పంపాలి. తర్వాత వచ్చే మామూలు సమావేశంలో దాన్ని చదివి బోర్డు ఆమోదించాలి. అప్పుడే అది సంఘం నిర్ణయం అవుతుంది. అంతవరకూ దాని బాధ్యత అమలు చేసినవాళ్ళ మెడకు వేలాడుతూ ఉంటుంది. ఇవన్నీ నాకు తెలియక కాదు. కొత్త డైరెక్టర్లకు నేర్పించేది నేనే.

ఆ ఏడు వాన ముందుగా పడింది. ఒక్క వాన, అదీ మంచిగా. పొద్దునకల్లా గోడౌన్ ముందు రైతులు చేరారు. మా నేలలో పదును, అంటే విత్తడానికి సరిపడే తేమ, మూడు రోజులు నిలిస్తే గొప్ప. విత్తనం మాత్రం పంచకూడదు, ఎందుకంటే మొలక పరీక్షకు పంపిన నమూనాల ఫలితం రావడానికి ఇంకా వారం ఉంది. మా అధ్యక్షురాలు నల్లమాడ దగ్గరి రైతు. అందరం అక్కా అనే పిలుస్తాం. వస్తూనే కుర్చీలో కూర్చోకుండా, “అందరికీ ఫోన్ కొట్టప్పా. నేనొక్కదాన్నే చెప్పే మాట కాదు ఇది” అంది.

ఇద్దరు దొరకలేదు. నలుగురు కలిశారు. అక్కతో కలిపి ఐదుగురు, కోరం సరిపోయింది. ఫోన్ స్పీకర్లో పెట్టాను. బయట రైతుల గోల.

“పరీక్ష రాకముందే ఇత్తనం ఇద్దామా, ఆపుదామా? ఆపితే పదను పోతాది. ఇస్తే మొలక ఎట్లుంటాదో తెల్దు. మీరు చెప్పండి” అంది అక్క.

“ఇచ్చేయక్కా, ఇంక ఆలోచించేది ఏముండాది?” అన్నాడు బత్తలపల్లె డైరెక్టరు. ఇంకో ఇద్దరు సరే అన్నారు. తనకల్లు పెద్దాయన ఒక్కడే, “మొలక చూడకుండా ఇత్తనం ఇడవగూడదమ్మా. నాది వద్దు” అన్నాడు.

అక్క కూడా సరే అంది. నాలుగు సరే, ఒకటి వద్దు. ఫోన్లో వినిపించిన నాలుగు గొంతులూ నాకు పదేళ్ళుగా తెలుసు. అయినా పేర్లు పిలవలేదు, రాయలేదు. తాళాలు తీసుకుని గోడౌన్‌కు పరిగెత్తాను. సాయంత్రం రాద్దాం అనుకున్నాను. సాయంత్రం బత్తలపల్లె డైరెక్టరే ఫోన్ చేశాడు.

“పేర్లన్నీ ఎందుకప్పా? ఏకగ్రీవంగా అని ఒక్క ముక్క రాసెయ్. పెద్దాయనను ఒక్కణ్ణే ఎత్తి చూపినట్టయితాది, బాగుండదు.”

ఆయన నాకు ఉద్యోగం ఇప్పించిన మనిషి. మాట మర్యాదగానే ఉంది. ఆ మర్యాద నా బద్ధకానికి బాగా సరిపోయింది. మినిట్స్ ఆ రోజు రాయలేదు, మరునాడూ రాయలేదు. తర్వాతి సమావేశానికి ముందురోజు కూర్చుని, ‘ఏకగ్రీవంగా తీర్మానించడమైనది’ అని రాశాను. ఎవరికీ పంపలేదు.

ఈలోగా కొన్ని ఊళ్ళలో విత్తనం సగమే మొలిచింది. సాళ్ళలో ఖాళీలు దారిన పోయేవాడికి కూడా కనిపించాయి. రైతులు ఎవరు ఇమ్మన్నారని అడగడం మొదలుపెట్టారు.

సమావేశానికి ఏడుగురూ వచ్చారు. నేను చదివాను. ఏకగ్రీవం అనే మాట దగ్గర బత్తలపల్లె డైరెక్టరు చెయ్యెత్తాడు.

“ఏమప్పా, ఏకగ్రీవం యాడిది? పరీక్ష రానీ అని నేను చెప్పలా?”

నేను ఆయన ముఖంలోకి చూశాను. ఆయన తొణకలేదు. ఆ రోజు ఫోన్లో సరే అన్న మిగతా ఇద్దరిలో ఒకాయన, “నేనూ వద్దనే అంటి” అన్నాడు. రెండో ఆయన తల ఊపాడు. ఆ రోజు ఫోన్లో ఒక్క వద్దు వినిపించింది. ఇప్పుడు దాన్ని ముగ్గురు పంచుకుంటున్నారు.

తనకల్లు పెద్దాయన నవ్వాడు. “నా మాటకు ఇంతమంది వారసులా? వద్దనింది నేనొక్కణ్ణే. మీరు ముగ్గురూ సరే అంటిరి. నలుగురు సరే అన్నాక నేనూ దానికి కట్టుబడినవాణ్ణే.”

“నీకు చెవులు సరిగా వినపడవులే పెద్దాయనా” అన్నాడు బత్తలపల్లె ఆయన.

అక్క నా వైపు తిరిగింది. “నువ్వు చెప్పప్పా. స్పీకర్ పక్కన ఉండింది నువ్వే గదా.”

ఒక్క నిజం చెబితే సరిపోయేది. పుస్తకంలో నా చేతిరాత ఏకగ్రీవం అంటోంది. అది కాదంటే నేను అబద్ధం రాసినట్టు. అవునంటే ఆ ముగ్గురితో తగువు.

“గోలలో గొంతులు సరిగా తెలియలేదక్కా” అన్నాను.

ఫోన్ నిర్ణయం ఆమోదాన్ని ఓటుకు పెట్టారు. ఫోన్లో లేని ఇద్దరూ తటస్థంగా ఉన్నారు. అక్క, పెద్దాయన అవునన్నారు. ముగ్గురూ కాదన్నారు. తీర్మానం వీగిపోయింది. అంటే విత్తనం ఇచ్చింది సంఘం కాదు, అక్క. వారంలో ఆ మాట ఊళ్ళన్నీ తిరిగింది. ఆవిడ రాజీనామా కాగితం మనిషితో పంపింది. నా చేతికివ్వడానికి కూడా రాలేదు.

చాలా రోజులు బత్తలపల్లె ఆయన మోసం చేశాడనే అనుకున్నాను. చేశాడు. కానీ ఆయన అబద్ధానికి చోటు విడిచింది నేను. ఆయన నన్ను ముంచిన రోజే నేను అక్కను ముంచాను. నన్ను ముంచాడన్న కోపంలో దాన్ని మరిచిపోవడం నాకు సుఖంగా ఉండేది.

సర్వసభ్య సమావేశానికి వారం ముందు ఒక కాగితం రాశాను. ఎవరు లైన్లో ఉన్నారు, ఎవరు ఏమన్నారు, మినిట్స్ ఎప్పుడు, ఎవరి మాట మీద ఎట్లా రాశాను, బోర్డులో ఏమని తప్పించుకున్నాను, అన్నీ. మొదట నల్లమాడ వెళ్ళి అక్కకు ఇచ్చాను. ఆవిడ కందిచేను గట్టున నిలబడే రెండుసార్లు చదివింది.

“ఆ పొద్దు ఒక్క మాట చెప్పింటే ఇంత కాగితం పట్టేది కాదు గదప్పా.”

“అవునక్కా.”

“సభలో చదువు. నాకోసమని చదవద్దు. ఇత్తనం పోగొట్టుకున్నోళ్ళకు ఎవరు ఏమన్నారో తెలియాల.” కాగితం మడిచి తిరిగి ఇచ్చింది. మంచినీళ్ళు తాగుతావా అని మాత్రం అడగలేదు. మా వైపు అది ఎంత మాటో తెలిసినవాళ్ళకు తెలుస్తుంది.

సమావేశంలో చదివాను. బత్తలపల్లె ఆయన మధ్యలోనే లేచి వెళ్ళాడు. మిగతా ఇద్దరిలో ఒకాయన, సరే అన్నది నిజమేనని నేల చూపులతో ఒప్పుకున్నాడు. పాత పేజీని కొట్టివేయలేదు. నా కాగితాన్ని సవరణగా పుస్తకానికి జతచేయాలని, విషయాన్ని మళ్ళీ బోర్డు ముందు పెట్టాలని సభ్యులు తీర్మానించారు. ఆ తర్వాత విత్తనం మొలవని ఊళ్ళకు మోటారు సైకిల్ వేసుకుని ఒక్కొక్కటిగా వెళ్ళాను. రచ్చకట్ట దగ్గర నిలబడి అదే కాగితం చదివి వినిపించాను. కొన్నిచోట్ల తిట్టారు. అన్నీ విని తర్వాతి ఊరికి పోయాను. పదకొండు ఊళ్ళు. అక్క ఊరిని ఆఖరున పెట్టుకున్నాను. ఆవిడ రాలేదు, వాళ్ళ ఊరివాళ్ళు మాత్రం అందరూ వచ్చి విన్నారు.