ఎంబసీ గోడకు అంటించిన నోటీసు

ఆర్మూరు కోర్టులో వకాలత్ మొదలుపెట్టిన కొత్తలో నాకు చట్టం కంటే ధీమా ఎక్కువ. ఢిల్లీలో ఒక విదేశీ రాయబార కార్యాలయం గోడకు మైదా పిండి పూసి నోటీసు అంటించిన ఘనత మా బార్‌లో నాకొక్కడికే ఉంది.

పెర్కిట్ నుంచి మార్కెట్ యార్డుకు పసుపు కొమ్ములు ఏరడానికి వచ్చే ఒకావిడ నా దగ్గరికి వచ్చింది. ఆమె చెల్లెలు ఏజెంటు మాట నమ్మి ఢిల్లీ వెళ్లి, ఎంబసీ ఆవరణలోనే కాపురముండే ఒక విదేశీ అధికారి ఇంట్లో వంటకు కుదిరింది. ఆరు నెలలుగా గేటు దాటనివ్వడం లేదు. తోటమాలి ఫోన్లో ఒక్కసారి మాట్లాడిందట. అధికారి కొడుతున్నాడని, ఇస్త్రీ పెట్టెతో చెయ్యి కాల్చాడని, పొద్దున గేటు దగ్గర మొక్కలకు నీళ్లు పట్టేటప్పుడే రోడ్డు కనబడుతుందని చెప్పిందట.

"దాన్ని బయటికి తీస్కరా వకీల్ సాబ్. గంతకంటె నాకేం వద్దు," అన్నది అక్క.

మా ఎస్సై మీసం దువ్వి, వారంటు తెస్తే తలుపులు బద్దలు కొడతానన్నాడు. మా సీనియర్ పుస్తకం తెరిచి చల్లగా చెప్పాడు: "రాయబారి ఒప్పుకోనిదే మన పోలీసు ఆ గేటు దాటొద్దు. వారంటున్నా గంతే. ఆ అధికారిని అరెస్టు చెయ్యలేం, కేసు నడపలేం." ఎస్సై మీసం వదిలేసి, అది తన పరిధి కాదన్నాడు.

అక్కను తీసుకుని ఢిల్లీ వెళ్లాను. విదేశాంగ శాఖలో ఒక పెద్దమనిషి మాకు టీ ఇప్పించి ఓపికగా వివరించాడు. ఆ చెల్లెలు భారతీయురాలు కాబట్టి ఆమెను బంధించే హక్కు ఎవరికీ లేదు, మన చట్టాన్ని వాళ్లూ గౌరవించాల్సిందే. కానీ గౌరవించకపోతే లోపలికి వెళ్లి అడగలేం. ఆ దేశమే అతని రక్షణను వదులుకోవాలి, లేదా అతన్ని వెనక్కి పిలుచుకొమ్మని మనం చెప్పాలి.

ఆయన ఎంబసీకి రాసిన లేఖ నకలు చదివి వినిపించాను. శుభాకాంక్షలతో మొదలై, మధ్యలో ఒక మహిళను కొట్టి నిర్బంధించినట్టు ఫిర్యాదు అందిందని చెప్పి, మా అత్యున్నత గౌరవాన్ని స్వీకరించండంటూ ముగిసింది.

"కొట్టినోళ్లకు గిన్ని దండాలా?" అన్నది అక్క.

అది పద్ధతి అన్నాను. జవాబు కూడా పద్ధతిగానే వచ్చింది: శుభాకాంక్షలు, అలాంటి మహిళ మా దగ్గర లేదు, అత్యున్నత గౌరవం.

నాకు ఒళ్లు మండింది. మా ఊళ్లో నోటీసు తీసుకోకపోతే కోర్టు అమీను ఇద్దరు సాక్షుల ముందు తలుపుకు అంటించి వస్తాడు. నాకు తెలిసిన బ్రహ్మాస్త్రం అదే. మర్నాడు పొద్దున్నే అక్కను సాక్షిగా నిలబెట్టి, ఆమె చెల్లెల్ని వదిలిపెట్టమని రాసిన నోటీసును గేటు పక్క గోడకు అంటించాను. చట్టం ముందు ఆ కాగితానికి చిత్తు కాగితం విలువ కూడా లేదని అప్పుడు నాకు తెలియదు. బయట కాపలా ఉన్న ఢిల్లీ కానిస్టేబుల్ పరుగున వచ్చి నా కాలరు పట్టుకున్నాడు. ఎంబసీ మర్యాదను కాపాడటం ప్రభుత్వ బాధ్యతట. మొత్తం వ్యవహారంలో పోలీసు చెయ్యి పడింది నా ఒక్కడి మీదే.

కాగితం చించడానికి ఎంబసీ గార్డు చిన్న గేటు తెరిచి బయటికి వచ్చాడు. ఆ సందులోంచి, పైపు పట్టుకుని నిలబడిన చెల్లెలు అక్కకు కనబడింది.

"పైపు పారేసి ఉరుకు! ఉరుకే!"

ఆ పిల్ల ఉరికింది. చెప్పులు లోపలే ఉండిపోయాయి. రోడ్డు మీదికి వచ్చాక గార్డు ఆమె జబ్బ పట్టి లాగబోయాడు. కానిస్టేబుల్ నా కాలరు వదిలేసి లాఠీ అడ్డం పెట్టాడు. గేటు లోపల మీ ఇష్టం, ఈ సడక్ మాది అన్నాడు హిందీలో. ఆయన చెయ్యి నా మెడ మీద గీరిన మంట ఇంకా ఉండగానే ఆయన మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

పోలీసులు వాంగ్మూలం రాసుకున్నారు, దవాఖానలో కాలిన గాయాలు నమోదు చేశారు. రక్షణ వదులుకొమ్మని మన ప్రభుత్వం అడిగితే ఆ దేశం కుదరదన్నది. దాంతో అతన్ని వెనక్కి పిలుచుకొమ్మని మనవాళ్లు చెప్పారు. పెళ్లాం పిల్లలతో విమానమెక్కి వెళ్లిపోయాడు.

ఆ వార్త తెలిసిన రోజు పెర్కిట్ వెళ్లాను. చెల్లెలు ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉంది. చట్టంలో అంతకుమించిన చర్య లేదని, ఇది మామూలు విషయం కాదని, గెలిచిన వకీలు గొంతుతో చెప్పాను.

"వానికి ఏం శిచ్చ పడ్డది సార్?" అని అడిగింది, అర్థం కానట్టు.

"ఇంటికి పొమ్మన్నరమ్మా."

ఆమె కాలిన చేతిని కొంగు కింద పెట్టుకుంది.

"నేను ఆర్నెల్లు వాని కాళ్లు పట్టుకొని అడిగింది గదే కద సార్!"