సెర్చ్‌లో కనపడ్డ వాక్యం

జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో నేను కంప్యూటర్లు చూసేవాణ్ణి. క్వారీలో బండ జారి భర్త పోయిన ఒకావిడకి అక్కడే స్టోర్స్‌లో ఉద్యోగం ఇచ్చారు. ఒకరోజు ఆవిడ ఆఫీసు ఫైళ్ళ సెర్చ్‌లో భర్త పేరు కొట్టింది. ఆ ప్రమాదం మీద విచారణ రిపోర్టు వచ్చింది. అనుమతి లేదు కాబట్టి నొక్కితే తెరుచుకోలేదు. కానీ దాని పేరు కింద ఒక వాక్యం కనపడింది: ‘బయటికి తీసినప్పుడు మాట్లాడుతూనే ఉన్నాడు.’

"అక్కడికక్కడే పోయాడన్నారు కదండీ," అంది నాతో.

ఫైలు తెరిచేటప్పుడు అనుమతి చూస్తున్న సిస్టమ్, ఫలితాలు చూపించేటప్పుడు చూడట్లేదు. ఏ ఫైలు ఎవరు చూడొచ్చో సెర్చ్‌కీ తెలిసేలా మార్చా. ఇక అనుమతి లేనివాళ్ళకి ఫైలు పేరు కూడా రాదు. ఆవిడకి రిపోర్టు చూపించమని మేనేజర్ని అడిగా. విచారణ తేలేదాకా కుదరదన్నారు.

మర్నాడు ఆవిడ మళ్ళీ వెతికింది. ఏమీ రాలేదు.

"తీసేశారా, నాకే కనపడట్లేదా?"

"నేను చెప్పకూడదమ్మా."

"పోనీ, చివరికి ఏమన్నాడో అదొక్కటి చెప్పండి."

ఆ రిపోర్టు నేనూ చదవలేదు. ఉద్యోగం మారి నందిగామ వచ్చేశా. ఇక్కడ ఎవరి పేరు వెతికినా ఆవిడ గొంతే వినపడుతుంది.