గోడలు చెప్పవలసిన సాక్ష్యం

కరీంనగర్‌లో మా ఇంటికీ పక్కింటి మురమురాల బట్టీకీ నడుమ మనిషెత్తు గోడ ఒకటి ఉండేది. మనుషులను ఆపడానికి అది సరిపోయేది. పొగ మనిషి కాదు.

పక్కవాళ్లు ఇల్లు అమ్ముకుని పోయాక, కొన్నాయన పెరట్లో బట్టీ పెట్టాడు. ఊక మంట మీద ఇసుకలో బియ్యం వేయించేవారు. తెల్లవారకముందే పొగ మొదలయ్యేది. అమ్మను నేను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాణ్ణి. అవ్వ ఉతికిన బట్టలు ఆరేసరికి మళ్లీ ఉతకడానికి సిద్ధంగా ఉండేవి. పెరుగు మీద మీగడ బూడిద రంగులో కట్టేది. ఇవన్నీ నేను కాలేజీ నాటి మిత్రులకు వేళాకోళంగా చెప్పేవాణ్ణి. అవ్వ ఉబ్బసం మాత్రం వేళాకోళానికి లొంగలేదు. బాపు కట్టించిన ఆ ఇంట్లోనే తన ప్రాణం పోవాలని ఆమె కోరిక. పొగ లేవగానే నేను కిటికీలు మూసేవాణ్ణి, ఆమె మంచం మీద లేచి కూర్చుని గాలి కోసం నోరు తెరిచేది.

మొదట గోడ మీదుగానే బట్టీ ఆయనను అడిగింది.

"తమ్మీ, గా గొట్టమన్న జర ఎత్తుగ పెట్టు. ఊపిరాడుతలేదు."

"పెడ్తనక్కా. గీ పంట చేతికి రానీ."

పంటలు వచ్చాయి. గొట్టం రాలేదు. మునిసిపాలిటీకి అర్జీ పెడితే ఒకాయన వచ్చి, బట్టీకి లైసెన్సు ఉందని తేల్చి, పొట్లంలో మురమురాలు పట్టుకుపోయాడు.

ఆ సంగతి చెబితే మా వకీలు నవ్వాడు. "లైసెన్సు మురమురాలు ఏంచుకునేటందుకు సారూ. మీ అవ్వను ఏంచేటందుకు గాదు."

ఇల్లు అవ్వ పేరిట ఉంది కాబట్టి ఆమె పేరిటే మున్సిఫ్ కోర్టులో దావా వేశాం. తీర్పు వచ్చేదాకా బట్టీ ఆపించమని మరో దరఖాస్తు కూడా పెట్టాం. అవతలి వకీలు గట్టివాడు. ముసలమ్మకు జబ్బు ఉంది, జబ్బు మనిషిని కొలతగా పెట్టుకుంటే ఊళ్లో ఏ పొయ్యీ వెలగదన్నాడు. జబ్బు లేనివాడు కూడా ఆ ఇంట్లో ఉండలేడు, ఎవరినైనా పంపి చూడమనండి అన్నాడు మావాడు. ఇల్లు చూసి కోర్టుకు రాసి ఇవ్వడానికి జడ్జిగారు ఒక కుర్ర వకీలును కమిషనర్‌గా వేశారు.

కమిషనర్ వచ్చే రోజు ఇరుపక్షాలకూ ముందే తెలియాలి. అది పద్ధతి.

"నోటీసు అందినంక గాయిన బట్టీ ముట్టియ్యడు," అన్నాడు మా వకీలు. "ఫికర్ జేయకుండ్రి. గోడల మీద మసి ఉన్నది గదా, అదే సాక్ష్యం. ఒక్క గోడ గూడ తుడువద్దు."

ఇంటికి వచ్చి అవ్వకు అదే చెప్పాను. ఆమె తలూపింది. కానీ నేను చెప్పిన రెండు సంగతుల్లో, కోర్టు నుంచి పెద్దమనిషి మన ఇంటికి వస్తున్నాడన్నదే ఆమె మనసులో నిలిచింది.

కమిషనర్ రావడానికి ముందురోజు సాయంత్రం ఉద్యోగం నుంచి వచ్చేసరికి ఇల్లు తెల్లగా మెరుస్తోంది. సున్నం కొట్టే మనిషిని పిలిపించింది. గడపలకు ఎర్రమట్టి జాజు పూయించింది. తాను మంచం మీద కూర్చుని ఆయాసపడుతూ, ఆ మూల మిగిలిందని చూపిస్తోంది.

"అవ్వా! వద్దని చెప్పిన గదనే!"

"గంత పెద్దమనిషి వస్తుంటే పొయ్యి కడుపు లెక్క ఇల్లు జూపియ్యాల్నా కొడుకా? మీ బాపు ఉంటే ఊకుండునా?"

కాలేజీలో నేను తర్కం చదివాను. ఆ ప్రశ్న సిలబస్‌లో లేదు.

కమిషనర్ వచ్చాడు. బట్టీ చల్లగా ఉంది. అవ్వ ఇచ్చిన చాయ్ తాగి, ఇల్లు చాలా బాగుందమ్మా అన్నాడు. చూసింది చూసినట్టు రాశాడు: పొగ లేదు, గోడల మీద మసి లేదు. సున్నం కొత్తదని మేము కోర్టులో చెప్పుకున్నాం. దాని కింద మసి ఉండేదని రుజువేమిటని అవతలివారు అడిగారు. దరఖాస్తు కొట్టేశారు. అసలు దావా విచారణ దాకా ఆగమన్నారు. పొగ మాత్రం కమిషనర్ వెళ్లిన మర్నాడే మళ్లీ మొదలైంది.

"నేనే ఖరాబు జేసిన్నా కొడుకా?" అంది అవ్వ.

"లేదే అవ్వా. సున్నం మంచిగ కుదిరింది."

ఆయాసం ముదిరితే డాక్టరు ఆ ఇంట్లో ఉంచవద్దన్నాడు. జగిత్యాల అవతల మా మేనమామ ఊళ్లో దించి వచ్చాను. అక్కడ గాలికి కొదవ లేదు. నేను వెళ్లినప్పుడల్లా అవ్వ ఒక్కటే అడిగేది. "మనిల్లు ఎట్లున్నదిరా?" బాగుందనేవాణ్ణి. చలికాలంలో ఆ పరాయి వాకిట్లోనే పోయింది. దావా ఇంకా విచారణకు రాలేదు.

లారీ మాట్లాడుకుని ఆమెను ఇంటికి తెచ్చాం. వీధిలో శవం ఉంటే, అది లేచేదాకా చుట్టుపక్కల ఎవరూ నిప్పు రాజేయరు. పక్కింటాయన మండుతున్న బట్టీలో కడవలతో నీళ్లు పోయించాడు. పనివాళ్లను పంపేసి, తానే పాడెకు వెదుళ్లు మోసుకొచ్చాడు. మా వాళ్లు శవాన్ని ఎత్తడానికి తొందరపడుతుంటే అడ్డుపడ్డాడు.

"అక్కను జరసేపు ఇంట్ల ఉండనియ్యుండ్రి."

అవ్వను గదిలో పడుకోబెట్టి, కిటికీలన్నీ తెరిచాను. మూయవలసిన పని పడలేదు.